పని ఎక్కడ ఆగిందో చెప్పే కాగితం

ఉద్యోగం మానేసి వెళ్లేవారు తమ తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవారి కోసం రాసి ఇచ్చే కాగితాన్ని ఆఫీసుల్లో హ్యాండోవర్ నోట్ అంటారు. ప్రభుత్వ కార్యాలయాల్లో ఈ పని ఛార్జి అప్పగింత పేరుతో చాలాకాలంగా ఉంది. చేతిలో ఉన్న నగదు, రిజిస్టర్లు, తాళాలు, సామగ్రి అన్నిటినీ జాబితా రాసి, వెళ్లే అధికారి, వచ్చే అధికారి ఇద్దరూ సంతకం చేస్తారు. చిన్న ప్రైవేటు సంస్థల్లో అలాంటి కట్టుబాటు తక్కువ. చివరి రోజు సాయంత్రం హడావుడిగా ఒక పేజీ టైపు చేసి ఇచ్చేయడమే అక్కడ ఎక్కువగా కనిపిస్తుంది.

ఆ ఒక్క పేజీలో సాధారణంగా ఉండేది ఉద్యోగ బాధ్యతల జాబితా. "నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేయాలి, జీతాల పట్టిక తయారు చేయాలి, సప్లయర్లకు చెల్లింపులు చూడాలి" అని ఉంటుంది. ఆ పనులు ఆ ఉద్యోగంలో ఉంటాయని కొత్తగా వచ్చినవారికి ముందే తెలుసు. తెలియనివి మూడు. ఏ పని ఎక్కడిదాకా వచ్చింది? తర్వాతి అడుగు ఎప్పటిలోగా పడాలి? ఇక్కడ ఈ పని ఇలాగే ఎందుకు చేస్తున్నారు? ఈ మూడిటికీ జవాబు దొరికితేనే పత్రం పనికొస్తుంది.

లెక్కల విభాగంలో ఇది స్పష్టంగా కనబడుతుంది, ఎందుకంటే అక్కడ తేదీ తప్పితే జరిమానా వెంటనే పడుతుంది. హైదరాబాద్ బాలానగర్ లాంటి పారిశ్రామికవాడలో యంత్ర విడిభాగాలు తయారుచేసే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీని ఉదాహరణగా తీసుకోవచ్చు. పనివాళ్లు ముప్పై అయిదు మంది. లెక్కలన్నీ చూసేది ఒక్క అకౌంటెంట్. అక్టోబరు 1న రాజీనామా ఇచ్చారు, 31న వెళ్లిపోతారు. కొత్త అకౌంటెంట్ అక్టోబరు 10న చేరతారు. ఇద్దరూ కలిసి ఉండేది మూడు వారాలు.

రెండు కాగితాలు

అప్పగించాల్సిన సమాచారం రెండు రకాలు. పని చేసే పద్ధతి ఒకటి. జీతాల పట్టికకు హాజరు వివరాలు ఎవరి దగ్గర తీసుకోవాలి, ఓవర్‌టైమ్ ఎలా లెక్కకడతారు, పీఎఫ్ చలానా తయారయ్యాక ఎవరు ఆమోదించాలి లాంటివి ఇందులోకి వస్తాయి. ఇది ఏడాది తర్వాత కూడా దాదాపు ఇలాగే ఉంటుంది. రెండోది ప్రస్తుత పరిస్థితి. ఏ బిల్లు ఎవరి బల్ల మీద ఉంది, ఏ సప్లయర్‌తో ఏ గొడవ నడుస్తోంది అన్నది వారం తిరిగేసరికి మారిపోతుంది.

ఈ రెండిటినీ ఒకే కాగితంలో కలిపి రాస్తే రెండూ చెడతాయి. పద్ధతి చదువుతున్నవారికి మధ్యమధ్యలో పాత బిల్లుల సంగతులు అడ్డొస్తాయి. పెండింగు పని కోసం వెతికేవారు పేజీలకు పేజీలు తిప్పాలి. అందుకని వీటిని విడిగా రాయడం మేలు. పద్ధతుల కాగితాన్ని రాజీనామా ఇచ్చిన మొదటి వారంలోనే మొదలుపెట్టవచ్చు. పరిస్థితి కాగితాన్ని కూడా అప్పుడే మొదలుపెట్టి, వారానికోసారి సరిదిద్దుతూ, వెళ్లే ముందు రోజు చివరిసారి తిరగరాయాలి. దాని పైన "అక్టోబరు 30 సాయంత్రానికి ఉన్న స్థితి" అని తేదీ తప్పక ఉండాలి. తేదీ లేని పెండింగు జాబితాలో ఏది తీరిపోయిందో, ఏది మిగిలిందో చదివేవారికి తెలిసే దారి లేదు.

తేదీల పట్టీ

పద్ధతుల కాగితంలో మొదట ఉండాల్సింది నెల తేదీల పట్టీ. నెలనెలా రిటర్నులు వేసే ఈ కంపెనీకి అది ఇలా ఉంటుంది. ముందు నెల కోసిన టీడీఎస్ 7వ తేదీలోగా కట్టాలి. తెలంగాణలో వృత్తి పన్ను 10లోగా కట్టాలి. అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1కు గడువు 11. పీఎఫ్, ఈఎస్ఐ చెల్లింపులకు 15. పన్ను లెక్కతేల్చి కట్టే జీఎస్టీఆర్-3బికి 20.

అయితే గడువు తేదీలు ఏ క్యాలెండర్‌లోనైనా దొరుకుతాయి. పత్రం చెప్పాల్సింది ఆ తేదీకి ముందు లోపల జరిగే పని. జీఎస్టీఆర్-1 గడువు 11 అయినా, డిస్పాచ్ విభాగం నుంచి చివరి ఇన్వాయిసులు 4వ తేదీకి గానీ చేతికి రావు. క్రెడిట్ నోట్లకు డైరెక్టరు ఆమోదం పడడానికి రెండు రోజులు పడుతుంది. కాబట్టి ఈ కంపెనీలో అసలు గడువు 11 కాదు, 4. కొత్తవారు 9వ తేదీన మొదలుపెడితే ఆలస్యం అప్పటికే జరిగిపోయినట్టు. ప్రతి తేదీ పక్కనా "ఎప్పుడు మొదలవ్వాలి, దేనికోసం ఎదురుచూడాలి, ఎవరు ఆమోదించాలి" అన్న మూడు మాటలు ఉండాలి.

తేదీ తప్పితే ఏమవుతుందో కూడా ఒక వాక్యంలో రాయాలి. రెండు పనులు ఒకేసారి మీద పడినప్పుడు ఏది ముందు చేయాలో కొత్తవారు తేల్చుకోవడానికి ఆ వాక్యం పనికొస్తుంది. కోసిన టీడీఎస్ ఆలస్యంగా కడితే నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ పడుతుంది. నెలలో కొంత భాగం గడిచినా దాన్ని పూర్తి నెలగానే లెక్కిస్తారు. జీఎస్టీఆర్-1 ఆలస్యమైతే రుసుముతో పోదు. 14వ తేదీన కొనుగోలుదారుకు తయారయ్యే జీఎస్టీఆర్-2బి పట్టికలో ఈ కంపెనీ బిల్లులు కనపడవు, ఆ నెలకు వాళ్లు పన్ను తగ్గింపు తీసుకోలేరు. కొందరు పెద్ద కొనుగోలుదారులు అప్పుడు చెల్లింపే ఆపేస్తారు. ఆ సంగతి తెలిసినవారు 11వ తేదీని దాటనివ్వరు.

పట్టీ ఒక్క నెలతో ఆగకూడదు. మూడు నెలలకోసారి, ఏడాదికోసారి వచ్చే పనులే కొత్తవారి కంటికి ఆనవు. వెళ్లేవారికి అవి అలవాటైపోయి గుర్తుకు రావు, వచ్చేవారికి అవి ఉన్నాయనే తెలియదు. పన్నెండు నెలల పట్టీ రాయడానికి తేలికైన మార్గం జ్ఞాపకం మీద ఆధారపడకుండా, గత ఏడాది ఈమెయిళ్లను, చలానాల ఫైలును నెలలవారీగా తిరగేయడం.

ముగిసినట్టు కనబడే పనులు

కొన్ని పనులు పైకి అయిపోయినట్టే ఉంటాయి గానీ, తర్వాత కూడా వాటి తాలూకు పని మిగులుతుంది. ఈ అకౌంటెంట్ వెళ్లే రోజైన అక్టోబరు 31, జులై నుంచి సెప్టెంబరు వరకు కోసిన టీడీఎస్ వివరాల స్టేట్‌మెంట్‌కు కూడా చివరి తేదీ. దాన్ని 29న దాఖలు చేసి, జాబితాలో "పూర్తయింది" అని గీత కొట్టేయడం సహజం. కానీ పని అక్కడితో తీరలేదు. జీతాలు కాకుండా ఇతర చెల్లింపుల మీద కోసిన పన్నుకు సర్టిఫికెట్లు దించి, నవంబరు 15లోగా కాంట్రాక్టర్లకు పంపాలి. పాన్ నంబరు తప్పు పడినా, చలానా సరిపోలకపోయినా ఆదాయ పన్ను శాఖ నుంచి నోటీసు ఆ తర్వాత వస్తుంది. అప్పటికి దాఖలు చేసిన మనిషి ఆఫీసులో ఉండరు.

అందువల్ల ఇలాంటి పనిని "దాఖలు అయింది" అని వదిలేయకుండా, రసీదు ఏ ఫైలులో ఉంది, తర్వాత రావాల్సింది ఏమిటి, అది ఎక్కడికి వస్తుంది, ఎప్పటిలోగా చూడాలి అన్నది రాయాలి. గత రెండు నెలల్లో చేసిన ప్రతి దాఖలు గురించీ "దీనికి ఇంకా జవాబు రావాల్సి ఉందా?" అని ప్రశ్న వేసుకుంటే ఈ రకం పనులు బయటపడతాయి.

సగంలో ఉన్న పని రాయడం

పరిస్థితి కాగితానికి ప్రాణం పెండింగు పనుల జాబితా. అక్కడ చాలా పత్రాలు ఒకే రకంగా దెబ్బతింటాయి. ఈ కంపెనీలో నిజంగా రాయదగ్గ ఒక పనిని చూస్తే ఆ తేడా తెలుస్తుంది.

గత ఆర్థిక సంవత్సరం ఫిబ్రవరిలో కంపెనీ ఒక సప్లయర్ దగ్గర 3 లక్షల రూపాయల ఉక్కు కడ్డీలు కొన్నది. దానిమీద 18 శాతం జీఎస్టీ, అంటే 54,000 రూపాయలు, సప్లయర్‌కు చెల్లించింది. ఆ మొత్తాన్ని తన పన్నులోంచి తగ్గించుకునే హక్కు కంపెనీకి ఉంది. సప్లయర్ మాత్రం ఆ ఇన్వాయిసును తన రిటర్నులో చూపలేదు. దాంతో అది జీఎస్టీఆర్-2బిలోకి రాలేదు, తగ్గింపు దక్కలేదు. మొదటి చిత్తులో అకౌంటెంట్ రాసింది ఒక్క వాక్యం:

"ఉక్కు సప్లయర్‌తో ఐటీసీ విషయం ఫాలోఅప్ చేయాలి."

రాసినవారికి ఆ వాక్యంలో మొత్తం కథ కనబడుతుంది. చదివేవారికి అందులో దొరికేది తక్కువ. ఏ ఇన్వాయిసు, ఎంత సొమ్ము, ఇప్పటిదాకా ఎవరు ఏమన్నారు అన్నది లేదు. అన్నిటికన్నా ముఖ్యమైన తేదీ లేదు. ఒక ఆర్థిక సంవత్సరపు బిల్లుల మీద పన్ను తగ్గింపు తీసుకోవడానికి చట్టం ఇచ్చిన చివరి గడువు, ఆ సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30. వార్షిక రిటర్ను అంతకన్నా ముందే వేస్తే గడువు ఆ రోజుతోనే ముగుస్తుంది. అది దాటితే 54,000 రూపాయలు పోయినట్టే. "ఫాలోఅప్" అన్న మాట చూసి కొత్త అకౌంటెంట్ దాన్ని డిసెంబరుకు వాయిదా వేస్తే తప్పు వారిది కాదు.

అసలు గడువు నవంబరు 30 కన్నా కూడా ముందే ఉంది. ఇన్వాయిసు కంపెనీ పట్టికలోకి రావాలంటే సప్లయర్ దాన్ని తన అక్టోబరు నెల జీఎస్టీఆర్-1లో చేర్చాలి. దానికి గడువు నవంబరు 11. అలా చేస్తే 14న కంపెనీ పట్టికలో కనబడుతుంది, 20న వేసే జీఎస్టీఆర్-3బిలో తగ్గింపు తీసుకోవచ్చు. అంటే సప్లయర్ మీద ఒత్తిడి పెట్టాల్సింది నవంబరు మొదటి వారంలోనే. ఇది వెళ్లేవారి బుర్రలో ఉన్న లెక్క, అది కాగితం మీదికి రావాలి. తిరగరాసిన తర్వాత అదే అంశం ఇలా ఉంది:

పని: ఫిబ్రవరి ఉక్కు బిల్లు మీద 54,000 రూపాయల ఐటీసీ రాబట్టడం.

ఇప్పటి స్థితి: బిల్లు సొమ్ము మొత్తం మార్చిలో చెల్లించాం. సప్లయర్ తన రిటర్నులో చూపలేదు. జులైలో, సెప్టెంబరులో మెయిల్ పెట్టాం. అక్టోబరు 22న వారి అకౌంటెంట్ ఫోనులో, అక్టోబరు రిటర్నులో చేరుస్తామన్నారు. రాతపూర్వకంగా ఇవ్వలేదు.

తర్వాతి అడుగు: నవంబరు 5న వారికి ఫోన్ చేసి, చేర్చినట్టు మెయిల్ తీసుకోవాలి. నవంబరు 14న జీఎస్టీఆర్-2బిలో వచ్చిందో లేదో చూడాలి. వస్తే 20న వేసే రిటర్నులో తీసుకోవాలి.

దాటరాని తేదీ: నవంబరు 30.

జరగకపోతే: 14న కనబడకపోతే అదే రోజు డైరెక్టరుకు చెప్పాలి. ఆ సప్లయర్‌కు ఇవ్వాల్సిన తాజా బిల్లు చెల్లింపు ఆయన చేతిలో ఉంది, ఆపాలో వద్దో ఆయనే నిర్ణయిస్తారు.

కాగితాలు: కొనుగోలు బిల్లుల ఫైలు, ఫిబ్రవరి విభాగం. మెయిళ్లు కంపెనీ అకౌంట్స్ మెయిల్‌బాక్సులో సప్లయర్ పేరుతో ఉన్న ఫోల్డరులో ఉన్నాయి.

ఇలా రాయడానికి పది నిమిషాలు పట్టవచ్చు. ప్రతి పెండింగు పనికీ ఈ ఆరు అంశాలూ అవసరం. వాటిలో తరచుగా వదిలేసేది అయిదోది. అనుకున్నట్టు జరగకపోతే ఏం చేయాలో, ఎవరి దగ్గరికి వెళ్లాలో రాసి ఉంటే కొత్తవారు చిక్కు వచ్చిన రోజున తటపటాయించరు. ఎవరో నోటితో ఇచ్చిన మాటను ఖాయమైన సంగతిగా రాయకపోవడమూ అంతే ముఖ్యం. "ఫోనులో చెప్పారు, రాతపూర్వకంగా ఇవ్వలేదు" అన్న తేడా ఆ పని బరువునే మార్చేస్తుంది.

కారణాలు రాయని చోట

కొత్తగా వచ్చినవారు మంచి ఉద్దేశంతోనే కొన్ని పద్ధతులు మారుస్తారు. కారణం తెలియని పద్ధతి వారికి అలవాటు కొద్దీ సాగుతున్నదానిలా కనబడుతుంది. ఈ కంపెనీ చాలామంది సప్లయర్లకు 60 రోజుల్లో డబ్బు చెల్లిస్తుంది. ఒక చిన్న వర్క్‌షాపుకు మాత్రం ఎప్పుడూ 45 రోజుల్లోపే చెల్లిస్తుంది. నగదు బిగుసుకున్న నెలలో కొత్త అకౌంటెంట్ ఈ పట్టిక చూస్తే, వర్క్‌షాపు యజమానికి ఎవరో మొహమాటం కొద్దీ ముందు ఇస్తున్నారనుకుని దాన్నీ 60 రోజులకు నెట్టేయవచ్చు.

అసలు కారణం వేరు. ఆ వర్క్‌షాపు ఎంఎస్ఎంఈ చట్టం కింద నమోదైన చిన్న సంస్థ. రాతపూర్వక ఒప్పందం ఉన్నా అలాంటి సంస్థకు 45 రోజులు దాటించి చెల్లించడానికి వీల్లేదు, ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. గడువు దాటితే వడ్డీ ఇవ్వాలి. పైగా ఆర్థిక సంవత్సరం చివరికి చెల్లించకుండా మిగిలిపోతే ఆదాయ పన్ను లెక్కలో ఆ ఖర్చును ఆ ఏడాదికి ఒప్పుకోరు. పత్రంలో "ఈ సప్లయర్‌కు 45 రోజులు, ఎంఎస్ఎంఈ నమోదు ఉంది, సర్టిఫికెట్ ఫైలులో ఉంది" అని ఒక్క వాక్యం ఉంటే చాలు.

ప్రతి పనికీ కారణం రాయనక్కర్లేదు. మామూలు రివాజుకు భిన్నంగా జరిగే పనులకే రాయాలి. అందరికీ ఒక రకంగా, ఒక్కరికి ఇంకో రకంగా జరిగేవి, కంప్యూటరులో చేసి కూడా మళ్లీ చేత్తో రిజిస్టరులో ఎక్కించేవి, ఒకరి ఆమోదం చాలే చోట ఇద్దరి ఆమోదం తీసుకునేవి ఇందులోకి వస్తాయి. అక్కడ కారణం ఇప్పుడు పోయి ఉంటే ఆ సంగతే రాయాలి. కొత్తవారు నిశ్చింతగా ఆ పద్ధతిని మానేయవచ్చు.

ఓటీపీలు, టోకెన్లు, పాస్‌వర్డులు

వెళ్లేవారు వెళ్లిన మర్నాడే పని ఆగిపోవడానికి ఎక్కువగా కారణమయ్యేది ఓటీపీ. చిన్న కంపెనీల్లో జీఎస్టీ, ఆదాయ పన్ను, పీఎఫ్ పోర్టల్‌లో ఎక్కడో ఒకచోట అకౌంటెంట్ సొంత మొబైల్ నంబరో, సొంత మెయిలో నమోదై ఉంటుంది. ఖాతా తెరిచిన రోజు అది సులువుగా అనిపించి ఉంటుంది. ఆయన వెళ్లాక నంబరు మార్చాలన్నా పాత నంబరుకు వచ్చే ఓటీపీ అవసరమయ్యే సందర్భాలు ఉంటాయి. కాబట్టి ఈ మార్పు కాగితంలో రాసి వదిలేసేది కాదు, ఆయన ఉండగానే జరిపించాల్సింది. ఒక్కో పోర్టల్‌లోకి వెళ్లి, నమోదైన నంబరు, మెయిలు చూసి, కంపెనీవి కానివాటిని మార్చి, ఆ తర్వాత "మార్చాం, ఫలానా తేదీన సరిచూశాం" అని రాయాలి.

డిజిటల్ సంతకం టోకెన్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. కంపెనీలు జీఎస్టీ రిటర్నులను డిజిటల్ సంతకంతో దాఖలు చేస్తాయి. డైరెక్టరు పేరుమీద తీసుకున్న టోకెన్ అకౌంటెంట్ సొరుగులోనే ఉండడం మామూలైపోయింది. అది డైరెక్టరు సొంత సంతకంతో సమానం. అప్పగింతలో ఆ టోకెన్ కొత్త అకౌంటెంట్ చేతికి కాక డైరెక్టరు చేతికి వెళ్లాలి. దాని గడువు ఎప్పుడు ముగుస్తుందో తేదీల పట్టీలో ఉండాలి. గడువు సరిగ్గా 20వ తేదీన ముగిస్తే ఆ రోజు రిటర్ను దాఖలు కాదు.

బ్యాంకు నెట్ బ్యాంకింగ్‌లో వెళ్లేవారి యూజర్‌ను తీసేయించి, కొత్తవారికి విడిగా యూజర్ పెట్టించాలి. పాత లాగిన్‌నే ఇచ్చేస్తే రేపు ఒక చెల్లింపు ఎవరు చేశారో తేల్చడం కష్టమవుతుంది. పాస్‌వర్డులు మాత్రం అప్పగింత పత్రంలో రాయకూడదు. ఆ పత్రం ప్రింటు తీస్తారు, మెయిల్లో పంపుతారు, ఫైల్లో పెడతారు. "ఈ ఖాతా ఉంది, దీని పాస్‌వర్డు డైరెక్టరు దగ్గర సీలు కవరులో ఉంది" అన్నంతవరకే రాసి, కొత్తవారు చేరగానే వాటిని మార్పించాలి. టాలీ డేటాకు టాలీవాల్ట్ పాస్‌వర్డు పెట్టి ఉంటే దాన్ని ప్రత్యేకంగా సరిచూసుకోవాలి. అది మరచిపోతే తిరిగి పొందే వీలు లేదు, ఏళ్ల లెక్కలు తెరవడానికి రాకుండా పోతాయి.

తేలని లెక్కలు దాచకూడదు

ఏ లెక్కల విభాగంలోనైనా కొన్ని చిక్కుముళ్లు ఉంటాయి. బ్యాంకు ఖాతాలో 12,400 రూపాయలు జమ అయ్యాయి, ఎవరు వేశారో తెలియక సస్పెన్స్ ఖాతాలో ఉన్నాయి. ఒక కస్టమరు 8,000 రూపాయలు తక్కువ చెల్లించి, సరుకులో లోపం వల్ల కోసుకున్నామన్నారు, క్రెడిట్ నోటు మాత్రం ఇవ్వలేదు. వెళ్లేవారికి ఇలాంటివి రాయడం ఇబ్బందిగా ఉంటుంది, తమ చేతకానితనంగా కనబడుతుందేమోనన్న భయం ఉంటుంది. రాయకపోతే కష్టపడేది వచ్చేవారే. మార్చి నెలాఖరులో ఆడిటరు అడిగినప్పుడు, ఆ తేడా తన హయాంలో వచ్చిందో ముందునుంచీ ఉందో కూడా కొత్త అకౌంటెంట్ చెప్పలేరు.

దీనికి సూటి పరిష్కారం, వెళ్లే తేదీ నాటికి నిల్వలను నిర్ధారించి పత్రానికి జతచేయడం. బ్యాంకు పుస్తకానికీ స్టేట్‌మెంటుకూ మధ్య తేడాల పట్టిక, సస్పెన్స్ ఖాతాలోని పద్దులు, రావాల్సిన, ఇవ్వాల్సిన సొమ్ముల జాబితా ఉండాలి. చిల్లర నగదును ఇద్దరూ కలిసి లెక్కపెట్టాలి. చెక్కుబుక్కులో మిగిలిన మొదటి, చివరి చెక్కుల నంబర్లు, చేతిలో ఉన్న ముందు తేదీ చెక్కులు రాయాలి. సంతకం చేసి ఉంచిన ఖాళీ చెక్కులు ఉంటే అప్పగించకుండా రద్దు చేయాలి. ఏ తేడాకైనా అప్పటిదాకా ఏం వెతికారో ఒక మాట రాస్తే కొత్తవారు అదే దారిలో మళ్లీ తిరగరు.

పత్రాన్ని పరీక్షించే పద్ధతి

పత్రం సరిగా ఉందో లేదో రాసినవారికి తెలియదు. తమకు తెలిసినదాన్ని వారు మనసులో నింపుకుని చదువుతారు. దాన్ని చదివి కొత్తవారు పని చేసి చూసినప్పుడే లోపం తెలుస్తుంది. ఈ కంపెనీలో ఇద్దరికీ కలిసొచ్చిన మూడు వారాల్లో అందుకు అవకాశం ఉంది. అక్టోబరు 11న జీఎస్టీఆర్-1ను పాతవారు వేస్తుంటే కొత్తవారు పక్కన కూర్చుని చూస్తారు. 15న పీఎఫ్ చలానాను కొత్తవారు తయారుచేస్తారు, పాతవారు పక్కన ఉంటారు. 20న జీఎస్టీఆర్-3బిని కొత్తవారు పత్రం మాత్రమే చూసి సిద్ధం చేస్తారు. పాతవారు దాఖలు చేసే ముందు ఒక్కసారి సరిచూస్తారు, అంతవరకు నోరు మెదపరు.

ఆ పూట కొత్తవారు అడగాలనుకున్న ప్రతి ప్రశ్నా పత్రంలో ఒక ఖాళీ. "ఈ ఎక్సెల్ ఫైలు ఎక్కడుంది?" అంటే చోటు రాయలేదని తెలుస్తుంది. "రవాణా ఖర్చు మీద పన్ను మనమే కట్టాలా?" అంటే ఒక పద్ధతి తప్పిపోయిందని తెలుస్తుంది. జవాబు నోటితో చెప్పి ఊరుకోకుండా, అదే రోజు పత్రంలో ఆ చోట చేర్చాలి. నోటిమాటగా చెప్పింది నవంబరు 20 నాటికి గుర్తుండదు.

విన్నవారు తిరిగి చెప్పడం కూడా పరీక్షలో భాగమే. ఈ విషయంలో ఆసుపత్రుల అనుభవం పనికొస్తుంది. డ్యూటీ మారేటప్పుడు రోగుల వివరాలు ఒక డాక్టరు మరొకరికి అప్పగించడానికి ఐ-పాస్ అనే క్రమం ఉంది. రోగి ఎంత ప్రమాదంలో ఉన్నారు, సంగ్రహంగా పరిస్థితి, చేయాల్సిన పనులు, ఏమైనా జరిగితే ఏం చేయాలి అన్నవి వరుసగా చెప్పాక, విన్న డాక్టరు తనకు అర్థమైనది తిరిగి చెప్పడం అందులో చివరి మెట్టు. అమెరికా, కెనడాల్లోని 9 పిల్లల వైద్య శిక్షణ కేంద్రాల్లో దీన్ని అమలుచేసి చూసిన అధ్యయనం 2014లో వెలువడింది. వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం తగ్గాయని అందులో తేలింది. లెక్కల విభాగంలోనూ ఇదే చేయవచ్చు. వెళ్లే వారంలో ఒక గంట కేటాయించి, పెండింగు పనులు ఒక్కొక్కటీ కొత్తవారే చదివి, "నవంబరు 5న నేను ఫోను చేయాలి, 14న చూసుకోవాలి, రాకపోతే డైరెక్టరుకు చెప్పాలి" అని తమ మాటల్లో చెబితే, అపార్థం ఉన్నచోట వెంటనే దొరుకుతుంది.

వచ్చేవారు ఇంకా చేరనప్పుడు

చాలాసార్లు వెళ్లేవారు వెళ్లాకే కొత్తవారు దొరుకుతారు. అప్పుడు పక్కన కూర్చుని చూపించే అవకాశం ఉండదు కాబట్టి పత్రం ఇంకా వివరంగా ఉండాలి. మధ్యలో పనిని ఎవరు మోస్తారన్నది కూడా ముందే తేలాలి. వచ్చే నలభై రోజుల్లో గడువు ఉన్న ప్రతి పని పక్కనా ఒక మనిషి పేరు ఉండాలి. పీఎఫ్ చలానా ఆడిటరు ఆఫీసు చూస్తుంది, సప్లయర్ చెల్లింపులు డైరెక్టరు చూస్తారు అన్నట్టు. అలా పేరు లేని పని ఎవరూ చేయరు.

పరీక్ష మాత్రం అప్పుడూ చేయవచ్చు. స్టోర్స్‌లోనో డిస్పాచ్‌లోనో పనిచేసే ఒకరికి పత్రం ఇచ్చి, "ఫిబ్రవరి ఉక్కు బిల్లు, ఆ సప్లయర్‌తో నడిచిన మెయిళ్లు తీసి చూపించు" అనాలి. లెక్కలు తెలియని మనిషి పత్రం పట్టుకుని ఆ కాగితం దగ్గరికి చేరగలిగితే, చేరబోయే అకౌంటెంట్ తప్పకుండా చేరతారు.

పత్రంలో పట్టనివి, చివరి సంతకాలు

ఎంత బాగా రాసినా కొంత అనుభవం కాగితంలో పట్టదు. ఏ కస్టమరు "రేపు పంపుతాం" అంటే నిజంగా పంపుతారో, ఏ ఇన్వాయిసులో తప్పు ఉండవచ్చో కొన్ని నెలలకు గానీ తెలియదు. ఆ లోటును తీర్చడానికి మనుషుల మీద అభిప్రాయాలు పత్రంలోకి ఎక్కించకూడదు. "ఫలానా కొనుగోలుదారు బిల్లుమీద వాళ్ల ఆర్డరు నంబరు లేకపోతే వెనక్కి పంపుతారు" అన్నది పనికొచ్చే సంగతి. "ఆయన మొండిమనిషి" అన్నది కాదు. వెళ్లిన తర్వాత ఫోనులో అడిగే వీలు గురించి కూడా ముందే మాట్లాడుకోవాలి. ఎన్ని వారాలు, ఏ వేళల్లో అన్నది తేలితే కొత్తవారు మొహమాటపడరు, వెళ్లినవారు విసుక్కోరు. ఆ ఫోన్లలో వచ్చే జవాబులు కూడా పద్ధతుల కాగితంలోకే చేరాలి.

చివరి రోజున పత్రం మూడు ప్రతులు తీస్తారు. వెళ్లేవారు, వచ్చేవారు, డైరెక్టరు ముగ్గురూ సంతకం చేసి తేదీ వేస్తారు. చిల్లర నగదు, చెక్కుబుక్కు, టోకెన్, బీరువా తాళాలు ఎవరు ఎవరికిచ్చారో అదే కాగితం చివర ఉంటుంది. ఆ సంతకంతో ఆ తేదీ వరకు జరిగినదానికి ఒకరు, ఆ తర్వాత జరగబోయేదానికి మరొకరు జవాబుదారీ అవుతారు. కొత్త అకౌంటెంట్ మర్నాడు ఉదయం ముందుగా చూడాల్సింది పెండింగు జాబితాలో అన్నిటికన్నా దగ్గరగా ఉన్న తేదీ. ఈ కంపెనీలో అది నవంబరు 4, డిస్పాచ్ నుంచి అక్టోబరు ఇన్వాయిసులు తీసుకోవాల్సిన రోజు.